రావట్లేదు వేరు, లేదు వేరు

ఆ ఆఫీసులో ఆమెకు ఒక పేరుంది. అమ్మానాన్నలు పెట్టింది కాదు, జనం పెట్టింది. రీస్టార్ట్ అక్క. ఎదురుగా ఎవరూ అనరు, వెనక అనని వాళ్ళు లేరు. కీబోర్డు మొరాయించినా, ప్రింటరు కాగితం మింగినా, స్క్రీన్ నల్లబడినా ఆమె నోట వచ్చే మొదటి మాట "ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి" అనే. పదింట తొమ్మిదిసార్లు దానితోనే పని జరిగిపోతుంది. జరిగిన తొమ్మిదీ ఎవరికీ గుర్తుండవు, జరగని ఆ ఒక్కదానికే పేరు పెట్టారు. లోకానికి మంచి జ్ఞాపకం ఎప్పుడుంది గనక!

పార్శిళ్ళు చేరవేసే కంపెనీ అది. మూడో అంతస్తంతా కంప్యూటర్ల వాళ్ళది. ఆమె బల్ల మెట్ల పక్కన, ఏసీ గాలి వచ్చినట్టే వచ్చి వెనక్కి తిరిగిపోయే చోట ఉంటుంది. అందరికీ అందుబాటులో ఉండాలని అక్కడ వేశారట. ఇంకెక్కడా చోటు లేక వేశారన్నది నిజం. ఒకప్పుడు ఇక్కడ నెట్‌వర్క్ చూసుకోవడానికి వేరే మనిషి ఉండేవాడు. ఆ మనిషి ఆమె భర్తే. ఇద్దరికీ పరిచయమైందీ, పెళ్ళి కుదిరిందీ ఈ అంతస్తులోనే. తరువాత ఆయన ఎక్కువ జీతమని పెద్ద కంపెనీకి వెళ్ళాడు. ఇక్కడ ఆ కుర్చీ ఖాళీగానే ఉంచి, పని మాత్రం ఆమె నెత్తిన పెట్టారు. ఆ పెద్ద కంపెనీ మొన్న ఎండాకాలంలో మూతపడింది. అప్పటినుంచీ ఆయన ఇంట్లో ఉన్నాడు.

ఇంట్లో ఉన్న మగవాడితో కాపురం ఎంత కష్టమో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. గిన్నెలు తోముతాడు, బట్టలు ఆరేస్తాడు, ఏ పనికీ వంక పెట్టడు. కానీ సాయంత్రం ఆమె చెప్పులు విప్పకముందే మొదలుపెడతాడు. "ఇవాళ ఏం టికెట్లు వచ్చాయి? స్విచ్‌లు బాగున్నాయా? నేను కట్టిన నెట్‌వర్క్ అది, దానికి ఏమీ కాదులే." ఆమె తలకాయ ఊపుతుంది. పాపం, మాట్లాడుకోవడానికి ఆయనకు ఇంకేముంది అనుకుంటుంది. ఆ పాపం అన్న మాట మనసులోకి ఎప్పుడు వచ్చి కూర్చుందో ఆమె గమనించనేలేదు.

ఇప్పుడు ఆ ఖాళీ కుర్చీని మళ్ళీ నింపుతామని మేనేజరు అన్నాడు. "మీవారిని గురువారం ఒకసారి రమ్మనండి, మాట్లాడదాం. తెలిసిన మనిషే కదా" అన్నాడు. ఆ రోజు ఆమె ఇంటికి నడిచిందో పరిగెత్తిందో ఆమెకే తెలియదు. ఆయన ఇస్త్రీ చేసిన చొక్కా వారం ముందే తలుపు వెనక వేలాడదీశాడు.

సరిగ్గా ఆ గురువారానికి ముందు రోజు పడింది ఈ పీడ. నిజానికి టికెట్ మంగళవారమే వచ్చింది.

టికెట్లలో, అంటే కంప్యూటర్ మొరాయిస్తే ఆఫీసువాళ్ళు పంపే ఫిర్యాదుల్లో, జనం రాసే భాష మీద ఆమెకు మొదటినుంచీ ఒళ్ళుమంట. ఏం జరిగినా ఒకటే మాట, "రావట్లేదు." నెట్ రావట్లేదు. మెయిల్ రావట్లేదు. ఒకాయన అయితే "మౌస్ రావట్లేదు" అని రాశాడు. ఎక్కడికి రావాలి నాయనా అది, బస్సెక్కి వస్తుందా అని ఆమె నవ్వుకుంది. అలాంటి వాటి మధ్య ఒక కొత్త డెవలపర్ పిల్ల రాసిన టికెట్ ఇది: "మన డొమైన్ కింద పెట్టిన ట్రాక్ అనే కొత్త పేరు ఆఫీసు వైఫైలో రావట్లేదు. ఫోన్‌లో మొబైల్ డేటా మీద వస్తోంది. దయచేసి చూడండి."

డొమైన్ అంటే కంపెనీ సైటు పేరు. దాని కింద, పార్శిలు ఎక్కడిదాకా వచ్చిందో జనం చూసుకునే పేజీ అది. బయటి ప్రపంచానికంతటికీ తెరుచుకుంటోంది, దాన్ని తయారుచేసిన ఆఫీసులో తప్ప.

రీస్టార్ట్ అక్క ఏం చేసి ఉంటుందో చెప్పనక్కర్లేదు. "రీస్టార్ట్ చేసి చూడండి" అని రాసి టికెట్ మూసేసింది. అరగంటకు అది మళ్ళీ తెరుచుకుంది. "చేశాను అక్కా. రావట్లేదు." కొత్త పేరు పెట్టినప్పుడు ఊరూరా తెలియడానికి కొంత సమయం పడుతుంది, రేపటిదాకా ఆగమని రాసి మళ్ళీ మూసేసింది. బుధవారం పొద్దున్నే అది మళ్ళీ తెరుచుకుని కూర్చుంది. "ఆగాను అక్కా. రావట్లేదు. నాకొక్కదానికే కాదు, ఈ వరుసలో ఎవరికీ రావట్లేదు. అందరి ఫోన్లలోనూ మొబైల్ డేటా మీద వస్తోంది."

ఆమెకు విసుగు నషాళానికి ఎక్కింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, వీళ్ళు తమ పని సరిగ్గా చేయక వైఫై మీద పడతారని గొణుక్కుంది. గోరుచుట్టు మీద రోకటి పోటులా అప్పుడే మేనేజరు వచ్చి ఆమె బల్ల ముందు నిలబడ్డాడు.

"పైవాళ్ళు మూడింటికి వస్తున్నారమ్మా. ఆ పేజీ మీటింగ్ గదిలో పెద్ద తెర మీద చూపించాలి. ఆ అమ్మాయేదో తప్పు పెట్టి ఉంటుంది, చేరి రెండు నెలలు కూడా కాలేదు. తప్పెవరిదో మధ్యాహ్నానికల్లా నాకు టికెట్లో రాసి కనపడాలి. ఆమెదే అయితే ఆమె ఉద్యోగం ఇక్కడితో సరి."

"చూస్తానండీ" అంది ఆమె.

"రేపు మీవారు వస్తున్నారుగా?"

"వస్తున్నారండీ."

ఆయన తలూపి వెళ్ళిపోయాడు. ఆమె లేచి డెవలపర్ పిల్ల దగ్గరకు వెళ్ళింది. ఇది మంగళవారమే చేయాల్సిందని దారిలో తనకే అనిపించి ఇంకా చిరాకు పడింది.

ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ల్యాప్‌టాప్‌కు ఒక పక్క ఫోన్, ఇంకో పక్క సగం తాగి వదిలేసిన టీ. "నేను పేరు సరిగ్గానే పెట్టానక్కా. పదిసార్లు చూశాను. ఎవరూ నమ్మట్లేదు" అంది.

"ఏడవకు. ముందు చూడనీ" అని ఆమె కుర్చీ లాక్కుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. కంప్యూటర్లకు పేర్లతో పనిలేదు, వాటికి నంబర్లు కావాలి. మనం ఒక పేరు కొట్టగానే ల్యాప్‌టాప్ వెళ్ళి ఒక సర్వరును అడుగుతుంది, ఈ పేరు గలవారి నంబరెంత అని. పేర్ల సర్వరు అంటారు దాన్ని. మొబైల్ డేటా మీద ఉన్న ఫోన్ తన ఫోన్ కంపెనీ సర్వరును అడుగుతుంది. వైఫై మీద ఉన్న ల్యాప్‌టాప్ ఆఫీసు సర్వరును అడుగుతుంది. ఆఫీసు సర్వరుకు తెలియకపోతే అది బయట విచారించి వచ్చి చెబుతుంది. మర్యాద అది.

ఆమె వైఫై మార్చకుండానే, ఆఫీసు సర్వరును పక్కన పెట్టి బయటి పేర్ల సర్వరునొకదాన్ని నేరుగా అడిగింది. నంబరు చటుక్కున వచ్చింది. అంటే వైఫై తప్పు లేదు, ఆ పిల్ల తప్పూ లేదు. తరువాత ఆఫీసు సర్వరును అడిగింది. అదీ చటుక్కున పలికింది. అలాంటి పేరు లేదు అంది.

ఆమె చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి.

రెండు రోజులుగా అందరూ రావట్లేదు, రావట్లేదు అంటుంటే ఆమె కూడా అదే నమ్మింది. ఎక్కడో దారిలో ఆగిపోతోంది, నిదానంగా వస్తుంది అనుకుంది. ఇది రాకపోవడం కాదు. ఎంత తలుపు తట్టినా పలకకపోవడం వేరు. తలుపు తీసి, అలాంటి వాళ్ళెవరూ ఈ ఇంట్లో లేరని మొహం మీద చెప్పడం వేరు. బయట విచారించకుండా అంత ధీమాగా లేదనాలంటే, ఆ ఇల్లు తనదేనని ఆ సర్వరు అనుకుంటూ ఉండాలి. జవాబు పక్కన చిన్న గుర్తు కూడా అదే చెబుతోంది. ఇది వినికిడి మాట కాదు, హక్కుదారు మాట అని దాని అర్థం.

"ఏంటక్కా?" అంది పిల్ల.

"మన సర్వరు ఈ డొమైన్‌కి తనే యజమాని అనుకుంటోంది. తన దగ్గరున్న చిట్టాలో నీ పేజీ పేరు లేదు. అందుకని బయట అడగట్లేదు. నువ్వు పెట్టిన పేరు బయటి చిట్టాలో ఉంది, ఫోన్లకి అదే దొరుకుతోంది."

"మరి మన మెయిన్ సైటు వస్తోంది కదా?"

"దాని పేరు పాత చిట్టాలో ఉండే ఉంటుంది. ఆ తరువాత బయటివాళ్ళ కోసం ఈ డొమైన్‌లో కొత్త పేరేదీ పుట్టలేదు. మొదట పుట్టింది నీదే."

పిల్ల ఒక్కసారిగా ఊపిరి వదిలింది. "అయితే నా తప్పు కాదుగా?"

"కాదులే."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానే అని తిట్టుకుంటూ ఆమె తన బల్ల దగ్గరకు వచ్చి కూర్చుంది. ఈ చిట్టా ఎవడు పెట్టాడో వాడి సంగతి చూడాలనుకుంది. ఆ కోపంలోనే ఆఫీసు సర్వరును మళ్ళీ అడిగి, ఈసారి జవాబు పూర్తిగా చదివింది. ఒక సర్వరు హక్కుగా లేదని చెప్పినప్పుడు, ఆ చిట్టాకు బాధ్యులెవరో వాళ్ళ మెయిల్ చిరునామా కూడా జవాబుతో పంపుతుంది. మెయిల్లో ఉండే ఎట్ అనే చుట్టు గుర్తు బదులు అక్కడ చుక్క ఉంటుంది, అంతే తేడా. చాలామంది ఆ చోట ఏదో ఉత్తుత్తి పేరు పెట్టి వదిలేస్తారు. ఇక్కడ అసలు పేరే ఉంది.

అది ఆమె భర్త పేరు.

దొంగకు తేలు కుట్టినట్టయింది ఆమె పరిస్థితి. దొంగ తను కాకపోయినా కుట్టింది మాత్రం తననే. చుట్టూ చూసింది. ఎవరూ చూడటం లేదు. ఫోన్ తీసుకుని మెట్ల దగ్గరకు వెళ్ళింది.

"ఏవండీ, మన డొమైన్ పేరు మీద లోపలి సర్వరులో ఏమైనా చిట్టా పెట్టారా మీరు?"

"నేనా? నేనెందుకు పెడతాను? నా నెట్‌వర్క్‌లో అలాంటివి ఉండవు."

"మీ పేరే ఉంది అందులో."

అటువైపు బకెట్‌లోకి నీళ్ళు పడుతున్న చప్పుడు. తరువాత కుళాయి కట్టేసిన చప్పుడు.

"సైటు కొత్త చోటికి మార్చాం గుర్తుందా? బయటివాళ్ళు చూడకముందు మనవాళ్ళు చూసుకోవాలని పెట్టాను. పని అయిపోగానే తీసెయ్యాలి."

"తీసెయ్యలేదు."

"అప్పుడు పెళ్ళి పనులొచ్చాయి కదా. సెలవు పెట్టి వెళ్ళిపోయాను."

"అంటే ఇప్పుడు మన పెళ్ళిదా తప్పు?" అంది ఆమె. గొంతు పెద్దదైంది. మెట్లు దిగుతున్న టీ మనిషి తిరిగి చూశాడు.

"నేనలా అన్నానా? తిరిగొచ్చాక తీసేద్దామనుకున్నాను. ఈలోగా హాజరు మిషన్ పేరు కూడా అందులోనే పెట్టేశాను. చిట్టా తీసేస్తే అది పోతుంది. సరే ఉండనీలే అనుకున్నాను. నువ్వు మాత్రం ఇప్పుడు తీసెయ్యకు. తీసేస్తే సాయంత్రం ఎవ్వరికీ హాజరు పడదు. ప్రస్తుతానికి ఆ కొత్త పేరు, దాని నంబరు అందులో రాసెయ్. తరువాత నిదానంగా హాజరు మిషన్‌కి వేరే పేరు పెట్టి, అప్పుడు చిట్టా మొత్తం తీసెయ్."

ఆయన చెప్పింది సరైన మాటే. కోపంగా ఉన్నా ఆ సంగతి ఒప్పుకోక తప్పలేదు. లేకపోతే ఆమె తీసేసేదే.

"వినండి" అంది గొంతు తగ్గించి. "ఇది ఎవరితోనూ అనకండి. నేను చూసుకుంటాను. రేపు మామూలుగా వచ్చి మాట్లాడండి. ఆ మేనేజరు తప్పెవరిదో రాయమంటున్నాడు."

"ఎవరిదంటున్నాడు?"

"కొత్తపిల్లదంటున్నాడు. కాదని నేను చెప్తాలే, మీ పేరు రాకుండా చెప్తాను."

"ఊఁ" అన్నాడాయన. ఫోన్ పెట్టేశాడు.

ఆమె చిట్టాలో పేరు చేర్చింది. సర్వరును అడిగింది. అది నంబరు చెప్పింది. అమ్మయ్య అనుకుంటూ వెళ్ళి పిల్లకు చెప్పింది. పిల్ల పేజీ తెరిచింది. తెరుచుకోలేదు.

"రావట్లేదక్కా."

తల ప్రాణం తోకకు వచ్చింది ఆమెకు. క్షణం ఆగితే అర్థమైంది. ఇందాక సర్వరు లేదన్న మాటను ల్యాప్‌టాప్ గుర్తుపెట్టుకుని, మళ్ళీ అడగకుండా అదే పాట పాడుతోంది.

"రీస్టార్ట్ చెయ్యి" అంది ఆమె.

పిల్ల ఆమె మొహం వంక చూసింది. "నిజంగానా అక్కా?"

"ఈసారి నిజంగానే."

ల్యాప్‌టాప్ మళ్ళీ లేచింది. పేజీ తెరుచుకుంది. పక్క వరుసలో ఎవరో చప్పట్లు కొట్టారు. పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని, "ఆ చిట్టా ఎవరు పెట్టారక్కా?" అని అడిగింది.

"ఎప్పటిదోనమ్మా. ఎవరికి తెలుసు?"

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు. మీటింగ్ గదిలో పెద్ద తెర మీద కూడా పేజీ వచ్చిందని చూసుకుని, వచ్చి టికెట్ ముందు కూర్చుంది. కారణం అన్న చోట రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. చివరకు మిగిలింది ఇది: "పాత సెట్టింగ్ వల్ల సమస్య. సరిచేశాం. డెవలపర్ తప్పు లేదు. ఎవరు పెట్టారో తెలియదు." ఆ పిల్లకు అన్యాయం జరగలేదు, ఇంటి గుట్టూ బయటపడలేదు. ఇద్దరినీ ఒడ్డున పడేశానని తనను తానే మెచ్చుకుంది. తన భర్త ఏమిటో ఆమెకు తెలుసు కదా. ఆయనకిప్పుడు ఇలాంటి దెబ్బ తట్టుకునే శక్తి లేదు. ఎవరో ఒకరు అడ్డం నిలబడాలి.

మూడింటికి పైవాళ్ళు వచ్చారు, చూశారు, తలలు ఊపి వెళ్ళారు. తరువాత మేనేజరు ఆమెను తన గదిలోకి పిలిచాడు. ఆయన తెర మీద ఆమె టికెట్ ఉంది.

"ఎవరు పెట్టారో తెలియదా అమ్మా?"

"తెలియదండీ. పాతది."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మీవారు మధ్యాహ్నమే ఫోన్ చేశారు. అది పెట్టింది నేనే, తీసెయ్యకపోవడం నా తప్పే, ఆ అమ్మాయిని ఒక్క మాట అనకండి అన్నారు. వివరాలన్నీ మా ఆవిడ టికెట్లో రాస్తుంది, ఆమెకు తెలుసు అన్నారు."

మేనేజరు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "సరిగ్గా రాసి పంపండి" అన్నాడు, అంతే.

గుమ్మం దాకా వెళ్ళి ఆమె ఆగింది. "మరి రేపు..."

"రమ్మనండి. నాకైతే అభ్యంతరం లేదు. కానీ పైవాళ్ళకి ఈ సంగతి చెప్పక తప్పదు కదా. చూద్దాం."

ఈ ఆఫీసులో చూద్దాం అంటే ఏమిటో ఆమెకు తెలుసు. కొత్త కుర్చీ అడిగినప్పుడూ చూద్దాం అన్నారు, ఏసీ సంగతి అడిగినప్పుడూ చూద్దాం అన్నారు.

బల్ల దగ్గరకు వచ్చి టికెట్ మార్చింది. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, ఎందుకు ఉండిపోయింది, అన్నీ రాసింది. భర్త పేరు పూర్తిగా రాసింది. పంపేశాక వెళ్ళి ఆ పిల్లకు కూడా చెప్పింది, "ఆ చిట్టా మావారు పెట్టిందమ్మా. ఇందాక నీతో అబద్ధం చెప్పాను" అని. పిల్ల "పర్లేదక్కా" అంది. బస్సులో నిలబడి వస్తున్నంతసేపూ ఆమెకు ఆయన మీద కోపంగానే ఉంది. చెప్పకండి అంటే చెప్పాడు. అందిన ఉద్యోగాన్ని చేతులారా జారవిడుచుకున్నాడు. పైగా తనను అబద్ధాలకోరును చేశాడు. ఒక కోపం ఇంకో కోపాన్ని తోసుకుంటూ వచ్చింది గానీ, ఏ ఒక్కటీ గట్టిగా నిలబడలేదు.

ఆయన తలుపు తీశాడు. ఈసారి ఆమె చెప్పులు విప్పేదాకా ఆగాడు.

"పేజీ వచ్చిందా?"

"వచ్చింది."

"ఆ అమ్మాయినేమన్నా అన్నారా?"

"లేదు. ఏమీ అనలేదు." ఆమె కుర్చీలో కూలబడింది. "నాతో ఒక మాట చెప్పి ఫోన్ చెయ్యొచ్చుగా? నేను తెలియదని రాశాను. ఆయన ముందు దొంగలా నిలబడ్డాను."

ఆయన నొచ్చుకుంటాడనుకుంది. క్షమించమంటాడనుకుంది. ఆయన అలాగే నిలబడి ఆమె వంక చూశాడు. చాలా రోజుల తరువాత అలా తిన్నగా చూడటం.

"తెలియదని ఎందుకు రాశావు?"

"మీ కోసమే కదా!"

"నా తప్పు నేను చెప్పుకోలేననుకున్నావా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఉద్యోగమే పోయింది నాకు. అంత చేతకానివాణ్ణయిపోయాననుకున్నావా?"

లేదు అనడానికి ఆమె నోరు తెరిచింది. ఎండాకాలం నుంచీ తను అనుకుంటున్నది అదే. మాట బయటకు రాలేదు. ఆయన కాసేపు ఆగి చూసి, ఆరిన బట్టలు తీసుకురావడానికి డాబా మీదకు వెళ్ళాడు.